‘పేరు సరిపోలలేదు’కు నేను రాసిన జవాబు

తిరుపతిలో ఒక కంపెనీ మూతబడకుండా నిలబెట్టిన మనిషిని నేను. టీ అంగట్లో అయితే ఈ మాట ఇక్కడే ఆపేసి గ్లాసు పక్కన పెడతాను. కాగితం మీద రాసేటప్పుడు కొంచెం తగ్గించుకోవాల. కంపెనీ కాదు, కంపెనీలో ఒక గది. గది కూడా కాదు, ఆ గదిలో తెలుగు మాట్లాడే ఆరు కుర్చీలు. నిలబెట్టింది నేనొక్కడినే కాదు. పడగొట్టబోయింది మాత్రం నేనొక్కడినే.

నేను ఆర్టీసీ బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుని రిటైరైనాను. ముప్పై ఏళ్లు మైకు ముందర బతికినోడికి ఇంట్లో కూర్చోమంటే ఎట్లుంటాది? పొద్దున్న పేపరు చదివేస్తాను, గేటుదాకా పోతాను, వస్తాను, మళ్లా పోతాను. మా ఇంటామె వాకిట్లో వడియాలు ఎండబెడతా నా కాళ్ల వైపే చూస్తాంటాది, యాడ తొక్కుతానో అని.

ఆ వడియాలతోనే మొదలైంది కథ. ఆమె వడియాలు, ఊరగాయలు చేసి వీధిలోవాళ్లకు అమ్ముతాది. కొనేవాళ్లందరూ ‘స్కానర్ లేదా అక్కా’ అని అడగడం మొదలుపెట్టినారు. సరే, చిన్న అంగళ్లవాళ్లకు స్కానర్ స్టిక్కరూ, డబ్బు పడితే అరిచే డబ్బా ఇచ్చే కంపెనీ ఒకటి మన ఊర్లోనే ఉండాదని తెలిసి, ఆమె ఫోన్లో ఆ యాప్ ఎక్కించినాను. ఆమె పాన్ కార్డు నంబరు కొట్టినాను, పేరు కొట్టినాను. ‘పేరు సరిపోలలేదు’ అని ఎర్రగా వచ్చింది. మళ్లా కొట్టినాను. మళ్లా అదే. మూడోసారి తప్పినాక ఒకరోజు తాళం పడింది.

యాప్‌లో ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అని ఒక చోటు ఉంటాది. దాంట్లో జవాబు ఇట్లుండింది: ‘మీరు సమర్పించిన పేరు అధికారికంగా చెల్లుబాటు అయ్యే పత్రంతో సరిపోలని పక్షంలో ధ్రువీకరణ తిరస్కరించబడును. దయచేసి సరైన వివరాలతో పునఃప్రయత్నించండి.’

పునఃప్రయత్నించినాను. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినాను. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగా ఇదే జవాబును చదివి వినిపించింది. నాకు చదువొస్తాది తల్లీ, అర్థమే రాలేదు అన్నాను. మరుసటి రోజు మళ్లా చేసినాను. ఇట్లా నలభైసార్లు చేసినాను. అంటే తొమ్మిదిసార్లు. తొమ్మిదికి తక్కువ లేదు, ఎందుకంటే పదోసారి వాళ్లే చేసినారు.

“సార్, నేను తెలుగు డెస్కు చూసుకునే దాన్ని. మా లిస్టులో మీ నంబరు మొదట ఉండాది. మా జవాబు చదివినాక కూడా తొమ్మిదిసార్లు ఎందుకు చేసినారో, ఒకసారి ఆఫీసుకొచ్చి చెప్తారా?”

గొంతు చిన్నపిల్లది, చిత్తూరు యాస. కారు పంపిస్తామన్నారని మా వీధిలో చెప్పుకున్నాను. షేర్ ఆటోలోనే పోయినాను.

రేణిగుంట రోడ్డులో పరుపుల అంగడి మీద మేడ. మెట్ల దాకా కొత్త పరుపుల వాసన. పైన ఆరుగురు చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని ఒకే మాటను ఆరు గొంతుల్లో చెప్తాండారు. గోడకు తెల్లబోర్డు, దాని మీద ఒకే ఒక అంకె. డెస్కు చూసుకునే ఆ పాపకు ఇరవై ఎనిమిది ఉంటాయేమో. రోజూ చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా బస్సులో వచ్చి పోతాదంట. నేను బస్టాండు మనిషినని తెలియగానే ‘సార్’ పోయి ‘తాతా’ వచ్చింది.

“తాతా, ఆ బోర్డు మీద అంకె చూడు. ఒకే నంబరు నుంచి, ఒకే సంగతి, ఏడు రోజుల్లోపల మళ్లా అడిగితే అది ఒకటి పెరుగుతాది. బెంగళూరోళ్లు రోజూ చూస్తారు. ఈ నెలాఖరుకు అది సగానికి దిగాల.”

“దిగకపోతే?”

“ఈ డెస్కు ఎత్తేస్తారు. ఫోన్ చేసినోళ్లకు రికార్డు చేసిన గొంతు జవాబు చెప్తాది. మేం ఆరుగురం ఇంటికి.”

వాళ్లల్లో ఒకతను హెడ్‌సెట్ తీసి, “ఆరుగురం కాదక్కా, నీతో ఏడుగురం” అన్నాడు.

“నేను కూడా ఒక కుర్చీలోనే కూర్చుంటాను గదప్పా” అంది ఆమె. ఆమెకు వేరే కుర్చీ లేదని అప్పుడు చూసినాను. ఎవరు టీకి పోతే వాళ్ల కుర్చీలో కూర్చుంటాది.

నేను రోగమేమిటో చెప్పినాను. ఎంక్వయిరీ కౌంటర్లో చిత్తూరు బస్సు యాడ అని అడిగితే ‘నాలుగో ప్లాట్‌ఫారం’ అని చెప్పినామనుకో, ఆ మనిషి ఐదు నిమిషాలకు మళ్లా వస్తాడు. వాడు అడిగింది ప్లాట్‌ఫారం గురించి కాదు. బస్సు ఎల్లిపోయిందేమో అని వాడి గుండె కొట్టుకుంటాంటాది. ‘బస్సు ఇంకా రాలేదు, వస్తే ఆ పండ్లబండి ముందర ఆగుతాది, నువ్వు కూర్చో’ అంటే మళ్లా రాడు. జవాబులో సమాచారం ఉంటే చాలదు, ఇప్పుడేం చెయ్యాలో ఉండాల.

ఇది నేను ముప్పై ఏళ్లు చేసిన పని అని చెప్పినాను. నిజానికి ఇరవై ఏళ్లు ‘నాలుగో ప్లాట్‌ఫారం’ అనే కసిరినాను. మిగతాది రిటైరయ్యే ముందు నేర్చుకున్నది. ఆ పాపకు మాత్రం ముప్పై అనే చెప్పినాను.

మరుసటి రోజు నుంచి పదింటికల్లా పోవడం మొదలుపెట్టినాను. జీతం లేదు, మధ్యాన్నం భోజనం ఉండాది. ఆమె ఎక్కువగా అడిగే ప్రశ్నలు తీసి ముందర పెడతాది, నేను గట్టిగా చదువుతాను. చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆమె పెన్సిల్‌తో గీత గీస్తాది. ఒక జవాబు ఇట్లుండింది: ‘సెటిల్‌మెంట్ మొత్తము తదుపరి పనిదినమున లింకు చేయబడిన ఖాతాకు జమచేయబడును.’ దాన్ని మేము ‘ఈరోజు వచ్చిన డబ్బు రేపు మీ బ్యాంకులో పడుతుంది’ చేసినాము.

ఆమె బెంగళూరుకు పంపింది. అక్కడ రూల్సు చూసే ఆఫీసర్ ఒప్పుకోకుండా ఏ మాటా యాప్‌లో ఎక్కదు. ఆయన తెలుగువాడే, అయినా ఫోన్లో ఇంగ్లీషులోనే కోపగించుకున్నాడు. రేపు బ్యాంకు సెలవైతే? ఆయనడిగింది న్యాయమే. ‘రేపు బ్యాంకు సెలవైతే, సెలవు అయిపోయిన మరుసటి రోజు’ అని ఇంకో వాక్యం చేర్చినాము. అది ఎక్కింది. రెండు రోజుల్లో ‘నా డబ్బు యాడపోయింది’ అనే ఫోన్లు తగ్గినాయి. బోర్డు మీద అంకె కిందికి జారింది. అందరూ చప్పట్లు కొట్టినారు. నా కోసమే అనుకున్నాను. తరవాత తెలిసింది, ఆరోజు ఒకమ్మాయి పుట్టినరోజు.

ఆ వారంలో ఐదు జవాబులు తిరగరాసినాము. మిగిలింది అన్నిటికంటే పెద్దది: ‘పేరు సరిపోలలేదు’. బోర్డు మీద అంకెలో సగం దీందే. నెలాఖరుకు ఇంక రెండు వారాలు.

దీని మర్మం నాకు అప్పటికే తెలుసు. మా ఇంటామె పేరు ముందు నేను కొట్టింది నా ఇంటిపేరు. పెండ్లయి నలభై ఏళ్లు, ఇంకేం కొడతాను? ఆమె పాన్ కార్డు మాత్రం ఆమె పదో తరగతి సర్టిఫికెట్ పెట్టి తీసింది. దాంట్లో ఆమె పుట్టింటి ఇంటిపేరే ఉండాది. ఆ సంగతి కనుక్కున్నరోజు ఆమె కార్డు నా చేతిలోంచి లాక్కుని, “సూసినావా, గవర్నమెంటు ఇంకా నిన్ను ఒప్పుకోలేదు” అని నవ్వింది. పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా కొడితే టిక్కు పడింది.

అంతే, లోకమంతటికీ మందు దొరికిందనుకున్నాను. జవాబు రాసినాను: ‘మీ ఇంటిపేరు పూర్తిగా రాసి, తర్వాత మీ పేరు రాయండి. ఇంటిపేరుకు ఒక్క అక్షరం పెట్టి చుక్క పెట్టొద్దు. ఆడవాళ్లయితే పుట్టింటి ఇంటిపేరు రాయండి.’

ఆ పాప రెండుసార్లు చదివింది. “బాగుండాది తాతా. కానీ పంపించే ముందు వేరే వేరే చోట్లోళ్లకు చూపించాల. ఈడోళ్లకు, మదనపల్లె వైపోళ్లకు, ఆ తమిళ బార్డర్ వైపోళ్లకు. పదిమందికన్నా చూపించు. వాళ్లు చదివి ఏం కొడతారో చూడు. నాకు ఫోన్ల మధ్యలో తీరిక దొరకదు.”

“అదెంత పని” అన్నాను.

రెండు రోజుల తరవాత పదిమందికి చూపించినానని చెప్పినాను. ముగ్గురు మదనపల్లె, నలుగురు సత్యవేడు, నగరి వైపు, మిగతా మన ఊరు అని వరసగా చెప్పినాను. మైకులో బస్సుల వరస చెప్పినట్టు ఒక్క తడబాటు లేకుండా చెప్పినాను. ఆ పదిమందిలో ఒకరు మా ఇంటామె. ఇంకొకరు ఆఫీసు కింద టీ కాచే మనిషి, ఆయన ‘బాగుంది సార్’ అని చదవకుండానే అన్నాడు. మిగతా ఎనిమిది మందీ నా నోట్లో పుట్టినోళ్లే.

ఎందుకట్లా చేసినానంటే చెప్పుకోడానికి పెద్ద కారణం ఏమీ లేదు. ఎండ ఎక్కువగా ఉండింది. నా జవాబు మీద నాకు నమ్మకం అంతకంటే ఎక్కువగా ఉండింది. ఆ పాప కన్ను నామీద పడి ‘భలే తాతా’ అనాలని తొందర. శుక్రవారం ఆ జవాబు యాప్‌లో ఎక్కింది.

సోమవారం బోర్డు మీద అంకె పైకి పోయింది. నేను మొదలుపెట్టినప్పటి కంటే పైకి.

ఆరు గొంతులూ ఒకే మాట చెప్తాండాయి, ఈసారి కొత్త మాట: “ఇంటిపేరు లేదా అండీ?” నేను ఒక కుర్చీ వెనకాల నిలబడినాను. ఆ పాప తన హెడ్‌సెట్‌లో ఒక చెవి నాకిచ్చింది. అవతల సత్యవేడు నుంచి ఒకామె, బస్టాండు దగ్గర టిఫిన్ అంగడి.

“మాకు ఇంటిపేరంటే లేదమ్మా. మా నాయన పేరే ఇనిషియల్. మీరేమో ఇంటిపేరు పెట్టమంటారు. లేని పేరు యాడ నుంచి తెచ్చేది? పక్కంగడాయన మీ ఊరి పేరు పెట్టుకో అన్నాడు, పెట్టినాను. మా ఆయన పేరు పెట్టినాను. తాళమేసేసినారు. ఇప్పుడు దోసె తిన్నోళ్లు పక్కంగడి స్కానర్‌కు కొట్టి పోతాండారు. సీక్రం ఏదన్నా సెప్పమ్మా.”

బార్డర్‌లో సగంమందికి ఇంటిపేరనేది ఉండదని నాకు తెలియక కాదు. ముప్పై ఏళ్లు ఆ బస్సులను పిలిచినోణ్ణి. టికెట్ రిజర్వేషన్‌కు వచ్చి నాయన పేరు ముందు పెట్టి చెప్పేవాళ్లను రోజూ చూసినోణ్ణి. కార్డు మీద మాత్రం ఆ నాయన పేరు వెనకాల వస్తాది. తెలిసీ నా ఇంటి లెక్కనే అందరికీ వేసినాను.

ఫోన్ పెట్టేసినాక ఆ పాప నావైపు తిరిగింది. “తాతా, సత్యవేడోళ్లు నలుగురికి చూపించినావు గదా. వాళ్లు ఏం కొట్టినారు?”

“ఆ నలుగురూ… చదువుకున్నోళ్లు” అన్నాను.

ఆమె నావైపే చూస్తా ఉండింది. కౌంటర్లో నాకు దొంగ పాసు చూపించినోళ్ల వైపు నేనూ అట్లే చూసేవాణ్ణి. చివరికి చెప్పేసినాను. పదిమంది కాదు, ఇద్దరు. ఇద్దరు కూడా కాదు, ఒకటిన్నర.

“ఆరుగురి ఉద్యోగం ఇది” అంది మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది. వెంటనే బెంగళూరుకు చెప్పి ఆ జవాబును తీయించేసి, పాతదాన్నే మళ్లా ఎక్కించింది. తరవాత సత్యవేడామెకు తానే ఫోన్ చేసి, మా మనిషి ఒకాయన మీ అంగడికి వచ్చి మీరు యాప్ ఎట్లా వాడతారో చూసుకోవచ్చునా అని అడిగింది. ఆమె ఒప్పుకుంది.

“రేపు పోయిరా. ఒక్కటే షరతు. నువ్వు నోరు తెరవకూడదు. ఆమె ఏం చేస్తాదో చూడు, అంతే. ఆమె ఫోన్ ముట్టుకోవద్దు, కార్డు ఫోటో తీయొద్దు, ఓటీపీ అడగొద్దు. చూసి రా.”

నన్ను నోరు తెరవద్దనడం! పుత్తూరు, నాగలాపురం మీదుగా బస్సులో పోతా దారి పొడుగునా ప్రాక్టీసు చేసినాను. పక్క సీటాయన మీది ఏ ఊరని అడిగితే చేత్తో చూపించినాను. మూగోణ్ణి అనుకుని పాపం శనక్కాయలు పెట్టినాడు.

సత్యవేడామె పెనం మీద దోసె తిప్పతానే నన్ను పైనుంచి కిందికి చూసి, “మీరేనా సార్ ఇంటిపేరు పెట్టమన్నది?” అంది. షరతు గుర్తొచ్చి తల ఊపినాను. “బాగా పెట్టినారు పో” అని రెండు ఇడ్లీలు వేసింది.

తాళం విడిపోయినాక ఆమె మళ్లా యాప్ తెరిచింది. నేను మూలన బల్ల మీద కూర్చుని చూస్తాండాను. జవాబు ఉన్న చోటుకు పోయింది, రెండు వాక్యాలు చదివింది, వదిలేసింది. తరవాత గోడకున్న పంచాంగం వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగింది. దాంట్లో ఆధార్, పాన్, రేషన్ కార్డు. మూడూ బల్ల మీద పరిచింది. మూడింట్లో పేరు మూడు రకాలు. వేలు ఆధార్ మీద పెట్టింది, తీసింది, రేషన్ కార్డు మీద పెట్టింది. ఏది చూడాల అని ఆమె నావైపు చూసింది. జవాబు నా నాలిక కొనదాకా వచ్చింది. రెండు పెదాలూ కొరికి పట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో అంత కష్టమైన నిమిషం లేదు.

చివరికి ఆమే పాన్ కార్డును ఫోన్ పక్కన నిలబెట్టింది. ‘పేరు’ అన్న వరస మీద బొటనవేలు పెట్టి, ఒక్కో అక్షరం చూసి కొట్టింది. ముందు తన పేరు, తరవాత నాయన పేరు. కార్డులో అట్లనే ఉండాది. కింద వరసలో నాయన పేరు మళ్లా వేరేగా ఉండాది, దాన్ని కూడా కలపాలా అని ఆగింది, కలపలేదు. టిక్కు పడింది.

“ఇంతేనా?” అంది ఆమె. “ఈ మాట ముందే చెప్పుంటే?”

వచ్చేటప్పుడు బస్సులో రాసినాను. ఆ పాప దాన్లో రెండు మాటలు కొట్టేసింది, ఆఫీసరు ఒక వాక్యం చేర్చినాడు. ఇదీ ఆ జవాబు:

‘మీ పాన్ కార్డు తీసి ఫోన్ పక్కన పెట్టుకోండి. పేరు అన్న చోట ఇంగ్లీషులో ఏముందో, అదే వరసలో, అంతే కొట్టండి. ఆధార్‌లో ఎట్లున్నా, ఊర్లో ఎట్లా పిలిచినా ఇక్కడ పాన్ కార్డే చూడండి. తండ్రి పేరు అని కింద వేరేగా ఉన్నది కలపొద్దు. పాన్ కార్డులోనే మీ పేరు తప్పుగా ఉంటే, మేము మార్చలేము. పాన్ సేవా కేంద్రంలో సరిచేయించుకుని మళ్లీ ప్రయత్నించండి.’

ఇంటిపేరు అన్న మాటే లేదు. ఈసారి ఆమె నన్ను నమ్మలేదు. ఆరుగురినీ వాళ్ల వాళ్ల ఊర్లలో తలా ఇద్దరికి చూపించమంది. చూపించి వచ్చినాక ఎక్కించినారు.

“తాతా, నెలాఖరు దాకా నువ్వు రావద్దు” అంది అప్పుడు. “కోపం కాదు. నువ్వుంటే వీళ్లు నవ్వుతా కూర్చుంటారు.” కోపమే.

ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనేది అబద్ధం. గేటుకూ వాకిలికీ మధ్య తిరిగినాను. అంకె ఎంతైందో తెలియదు. కౌంటర్లో బస్సు ఆలస్యమైనప్పుడు జనాలు నా ముందర కాలుకాలిన పిల్లుల్లా తిరిగేవాళ్లు, నేను కసిరేవాణ్ణి. ఇప్పుడు నేనే ఆ జనం. రెండోరోజు ఉండబట్టలేక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినాను. “పాపా, నేను తాతను. బోర్డు మీద ఈరోజు ఎంత?” ఫోనెత్తిన అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. తగ్గుతాంది. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి ఆ ప్రాణం మళ్లా పడిపోయింది. మళ్లా చేసినాను. మా ఇంటామె ఫోన్ నుంచే చేసేది, నాదాంట్లో మాట సరిగా వినపడదు.

“ఏమయ్యా, ఆ పిల్లోళ్లను బతకనిస్తావా లేదా?” అనేది ఆమె.

“వాళ్లను బతికించేదానికే చేస్తాండాను.”

నెలాఖరు రోజు పిలవకపోయినా పోయినాను. అంకె దిగింది, నిజమే. కానీ సగానికి కొంచెం పైన ఆగిపోయింది. మెట్ల మీద ఒకతను వేరే ఉద్యోగానికి ఫోన్లో మాట్లాడతాండాడు. లోపల ఆ పాప బెంగళూరుకు పంపాల్సిన రిపోర్టు ముందర కూర్చోనుంది. నన్ను చూసి పొమ్మనలేదు. అంత అలిసిపోయింది.

“సరిగ్గా చేసినాం తాతా. సత్యవేడు నుంచి ఒక్క ఫోన్ కూడా మళ్లా రాలేదు. అయినా ‘పేరు సరిపోలలేదు’ కింద ఇంకా ఇన్ని ఎందుకు పడినాయో తెలియలేదు. ఎవరో ఒకరికి మాత్రం ఇంకా అర్థం కాలేదు. ఇదిగో, రోజుకు మూడు, నాలుగు…”

స్క్రీన్ మీద నంబర్ల వరస. మొదటి అంకెలన్నీ చుక్కలు, చివరి నాలుగే కనపడతాయి. అన్నిటికంటే పైనున్న నాలుగు అంకెలు నాకు తెలుసు. ఊరగాయ జాడీల మీద అంటించిన నంబరు అది. నేనే రాసినాను.

చెప్పకుండా లేచిపోవచ్చు. ఎవరికీ తెలియదు. బయట వసారాలోకి పోయి నిలబడినాను, లోపలికొచ్చినాను, నీళ్లు తాగినాను, మళ్లా బయటికి పోయినాను. పడుకుని చూడమని పరుపుల అంగడాయన కింద నుంచి ఎవరినో బతిమాలతాండాడు. ఇంకో అబద్ధం చెప్పి ఒకరిద్దరి మీదికి తోసేద్దామా అని కూడా ఆలోచించినాను. దానికీ ఒక వరస తయారైంది నా తలకాయలో. అది తయారైనందుకే భయమేసి లోపలికి పోయినాను.

“పాపా, ఆ పైనున్నది మా ఇంటామె నంబరు. చేసింది నేను. పేరు గురించి కాదు. బోర్డు మీద ఎంత అని అడిగేదానికి.”

ఆమె ఆరుగురి వైపు తిరిగింది. “తాత ఫోన్లకు ‘పేరు సరిపోలలేదు’ అని ట్యాగ్ ఎవరు పెట్టినారు?”

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి చెప్పింది. ఫోన్ ముగించాలంటే దేని గురించో ఒక ట్యాగ్ పెట్టాల్సిందే. ‘ఇతరములు’ అని పెడితే బోర్డు లెక్కలోకి రాదు, కానీ కారణం టైపు చేయాల. పైనుండే మొదటిది నొక్కితే చాలు. మొదటిది ‘పేరు సరిపోలలేదు’. “తాత ఫోనే గదా అక్కా, అర నిమిషం గదా అని…”

అందరూ అదే నొక్కినారు. ఆరుగురూ.

ఆమె నామీద కోప్పడాలో వాళ్లమీద కోప్పడాలో తెలియక కుర్చీలో వెనక్కి పడింది. తరవాత నవ్వు మొదలైంది. ఒకరి తరవాత ఒకరికి అంటుకుంది. నాకు మాత్రం రాలేదు.

“తీసేయక్కా వాటిని” అన్నాడు ఒకతను.

“తీసేస్తే మనకూ తాతకూ తేడా ఏముండాది?” అంది. కాల్స్ అన్నీ రికార్డవుతాయి గదా. ఒక్కొక్కటీ పెట్టి విన్నారు. దాంట్లో నా గొంతు: ‘పాపా, బెంగళూరోళ్లకు చెప్పు, ఆర్టీసీలో నన్ను అడగకుండా బస్సు కదిలేది కాదు.’ గదంతా విన్నారు. నేను బోర్డు వైపు చూస్తా నిలబడినాను. ఆమె ఒక్క ఫోనూ తుడిచేయలేదు. ఎదురుగా ‘ఇతరములు’ పెట్టి, కారణం రాసి, రికార్డులు జతచేసి, పాత అంకె, సరిచేసిన అంకె రెండూ పెట్టి పంపింది. మొదటి జవాబు ఎట్లా తప్పిందో, ఎందుకు తప్పిందో కూడా రాసింది. నా పేరు రాయలేదు. ‘పరీక్షించకుండా పంపినాము’ అని రాసింది, అందరి తరఫున.

సరిచేసిన అంకె సగానికి కింద ఉండింది. కొంచెమే, కానీ కింద.

జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను ఫోన్ ముట్టుకోలేదు. మా ఇంటామె దాన్ని వడియాల డబ్బాలో దాచిపెట్టింది, అందుకు. మూడోరోజు పొద్దున్న ఆ పాపే చేసింది. డెస్కు ఉంటాది. వచ్చే మూడు నెలలు చూస్తారు. ట్యాగుల వరసలో ‘ఇతరములు’ మొదటికి తెచ్చినారంట. సత్యవేడు టిఫిన్ అంగడిలో చేసినట్టే, ఏ జవాబైనా ఎక్కించే ముందు ఎవరో ఒకరు పోయి నోరుమూసుకుని చూడాలని బెంగళూరు రాసిందంట.

“ఆ పోయేది నేనే గదా పాపా?” అన్నాను.

“నోరుమూసుకునే పనికి నువ్వా!” అని నవ్వింది. “ఫోన్ చేయొద్దు తాతా. ఊరికే వచ్చి కూర్చో. కుర్చీ ఒకటి కొన్నాము.”

ఆ కుర్చీ నాకోసమే కొన్నారని వీధిలో చెప్పినాను. కొన్నది ఆమెకోసం. ఆమె ఫోన్లో ఉన్నప్పుడు నేను నిలబడతాను, టీకి పోయినప్పుడు కూర్చుంటాను.

ఫోన్ మాత్రం మానేసినాను. మనిషి ఎత్తకముందే, రికార్డు గొంతు మాట్లాడేటప్పుడే పెట్టేస్తే అది లెక్కలోకి రాదంట. కనుక్కున్నాను. కనుక్కునేదానికి ఒక్కసారి చేసినాను, అంతే.

రెండుసార్లు.